ఎప్‌సెట్‌కి 40 రోజులు: ఏ చాప్టర్‌కి ఎన్ని గంటలు?

ఇంటర్ సెకండియర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. టీజీ ఎప్‌సెట్ ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో ఉంటుంది. మధ్యలో చేతికొచ్చేది అటూ ఇటూగా 40 రోజులు. ఆ 40 రోజులకి ఎక్కువమంది పిల్లలు రెండే రకాల టైమ్‌టేబుల్స్ వేస్తారు. ఒకటి, మాథ్స్‌కి 80 మార్కులు కాబట్టి సగం టైమ్, ఫిజిక్స్‌కి, కెమిస్ట్రీకి 40 చొప్పున కాబట్టి చెరో పావు. రెండోది, నాకు ఫిజిక్స్ రాదు కాబట్టి ముందు ఫిజిక్స్ సంగతి తేల్చేస్తా అనేది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, అందుకే వాటిని వదలడం కష్టం. కానీ రెండూ ఒక్క ప్రశ్న అడగవు: ఈ చాప్టర్ మీద నేను పెట్టే ఒక్కో గంటకి పరీక్షలో ఎన్ని మార్కులు పెరుగుతాయి?

టైమ్‌టేబుల్ మొత్తం ఈ ప్రశ్న మీద నిలబడాలి. సబ్జెక్ట్ వెయిటేజీ అంటే అక్కడ ఎన్ని మార్కులు ఉన్నాయో చెప్పేది, అంతే. మీరు మాట్రిసెస్‌లో పదికి తొమ్మిది చేస్తున్నారనుకోండి, ఆ చాప్టర్ నుంచి ఎన్ని ప్రశ్నలొచ్చినా మీకు కొత్తగా వచ్చేదేమీ లేదు, ఆ మార్కులు ఇప్పటికే మీవి. అయినా పిల్లలు మాట్రిసెస్ మీదే మళ్ళీ మళ్ళీ కూర్చుంటారు, ఎందుకంటే వచ్చిన లెక్క చేస్తుంటే చదువుతున్నట్టు అనిపిస్తుంది. ఇక కష్టం సంగతి. అది రెండు వైపులా లాగుతుంది. రాని చాప్టర్‌లో పెరగడానికి జాగా ఎక్కువ, కానీ ఒక్కో మార్కు సంపాదించడానికి పట్టే గంటలూ ఎక్కువే. ఈ రెండూ కలిపి చూడకుండా "వీక్ సబ్జెక్ట్ ముందు చదువు" అని ఇచ్చే సలహా వల్ల రొటేషనల్ మోషన్ దగ్గర వారం రోజులు కరిగిపోయిన వాళ్ళు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

లెక్క ఇలా వేసుకోండి. ఆ చాప్టర్ నుంచి వచ్చే ప్రశ్నల సంఖ్య ఒకటి. ఇప్పుడు మీరు ఎంత శాతం సరిగ్గా చేస్తున్నారు, ఈ గంటలన్నీ పెట్టాక నిజాయితీగా ఎంతవరకు వెళ్ళగలరు, ఆ తేడా ఇంకోటి. రెండింటినీ గుణించి, మొత్తం పట్టే గంటలతో భాగించండి. ఆ గంటల్లో మొదటిసారి చదివే టైమ్‌తో పాటు తర్వాత చేసే రివిజన్ టైమ్ కూడా కలపాలి. చాలామంది వదిలేసేది ఈ రివిజన్ గంటల్నే, దాని గురించి తర్వాత వివరంగా చెప్తాను.

ప్రశ్నల సంఖ్య కోసం ఎవరో తయారుచేసిన వెయిటేజీ చార్ట్ నమ్మొద్దు. గత నాలుగైదేళ్ళ పేపర్లు ముందు పెట్టుకుని, ఒక్కో ప్రశ్న పక్కన చాప్టర్ పేరు రాసి లెక్కపెట్టండి. ఒక పూట పని. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది కాబట్టి ఒక్క పేపర్ చూసి నిర్ణయించొద్దు, సెషన్‌కీ సెషన్‌కీ ఒకటీ రెండు ప్రశ్నలు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. ఈ ఏడాది సిలబస్‌లో ఏముందో కూడా అఫీషియల్ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, పాత మెటీరియల్‌లో తీసేసిన టాపిక్‌లు అలాగే ఉండిపోతాయి.

మీ ఇప్పటి శాతం మనసులో అనుకునేది కాదు, కొలవాల్సింది. పాత పేపర్ల నుంచి ఆ చాప్టర్ ప్రశ్నలు 12 తీసుకుని 14 నిమిషాల టైమర్ పెట్టండి. 14 ఎందుకంటే ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే సగటున ఒక్కోదానికి 67 సెకన్లు. తెలిసి పెట్టిన ఆన్సర్ పక్కన టిక్, ఊహించి పెట్టినదాని పక్కన చుక్క పెట్టండి. తర్వాత టిక్ ఉన్నవాటిలో ఎన్ని కరెక్టో చూడండి, చుక్కలు లెక్కలోకి రావు. టైమర్ లేకుండా ఇంట్లో కూర్చుని ఒక్కో లెక్కకి నాలుగు నిమిషాలు తీసుకుని 12కి 11 చేసినా, ఎప్‌సెట్ వరకు మీకు ఆ చాప్టర్ ఇంకా పూర్తిగా రానట్టే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఎప్‌సెట్‌లో నెగటివ్ మార్కులు లేవు, ఒక్కో ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. అంటే అసలేమీ రాని చాప్టర్‌లో కళ్ళు మూసుకుని గుర్తించినా సగటున 25 శాతం వస్తుంది. కాబట్టి సున్నా దగ్గరున్న చాప్టర్‌ని కష్టపడి 55 శాతానికి తెస్తే మీకు దక్కిన లాభం 55 కాదు, 30 మాత్రమే. బొత్తిగా రాని కష్టమైన చాప్టర్ పైకి కనిపించేంత లాభం ఇవ్వకపోవడానికి ఇదో కారణం. జేఈఈ మెయిన్‌లో తప్పుకి మార్కు కోత ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లెక్క మారుతుంది, రెండూ రాసేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చి, మాథ్స్ ఫర్వాలేదు, ఫిజిక్స్ భయం, కెమిస్ట్రీ చదివింది చదివినట్టు మర్చిపోయే విద్యార్థి అనుకోండి. అంకెలన్నీ ఉదాహరణ కోసం తీసుకున్నవే, మీవి మీరు కొలుచుకోవాలి.

మాట్రిసెస్‌లో 6 ప్రశ్నలు వస్తాయనుకుందాం. ఇప్పుడు 70 శాతం, 90కి వెళ్ళొచ్చు. పెరిగేది 1.2 మార్కులు. చదవడానికి 3 గంటలు, రివిజన్‌కి గంటన్నర, మొత్తం నాలుగున్నర. గంటకి 0.27 మార్కు. న్యూక్లియై, సెమీకండక్టర్స్ కలిపి 3 ప్రశ్నలు, ఇప్పుడు ఊహ మీద 25 శాతం, 75కి వెళ్ళడం సాధ్యమే, ఎందుకంటే చిన్న చాప్టర్లు, ఫార్ములాలు తక్కువ. 1.5 మార్కులకి ఏడున్నర గంటలు, గంటకి 0.20. పీ బ్లాక్‌లో 4 ప్రశ్నలు, 35 నుంచి 75కి, అంటే 1.6 మార్కులు. చదవడానికి నాలుగు గంటలే, కానీ ఇనార్గానిక్ తొందరగా మర్చిపోతాం కాబట్టి రివిజన్‌కి ఇంకో నాలుగు వేయాల్సిందే. 8 గంటలకి, గంటకి 0.20. డెఫినిట్ ఇంటిగ్రల్స్‌లో 4 ప్రశ్నలు, 30 నుంచి 60కి, 1.2 మార్కులు, 12 గంటలు, గంటకి 0.10. రొటేషనల్ మోషన్‌లో 3 ప్రశ్నలు, 25 నుంచి 55కి, 0.9 మార్కు, 14 గంటలు, గంటకి 0.06.

ఇప్పుడు ఈ వరస చూడండి. సబ్జెక్ట్ వెయిటేజీ ప్రకారం వెళ్తే మాథ్స్ చాప్టర్లు రెండూ ముందుండాలి, కానీ వాటిలో ఒకటి అన్నిటికంటే పైన ఉంది, ఇంకోటి కింద నుంచి రెండోది. వీక్ సబ్జెక్ట్ ముందు అనే పద్ధతిలో వెళ్తే ఫిజిక్స్ చాప్టర్లు రెండూ ముందుండాలి, కానీ న్యూక్లియై బాగా పైన, రొటేషనల్ అట్టడుగున. సబ్జెక్ట్‌ని యూనిట్‌గా తీసుకుంటే ఇవేవీ కనిపించవు. అందుకే "మాథ్స్‌కి ఎన్ని గంటలు" అనే ప్రశ్న పక్కన పెట్టి, చాప్టర్లన్నీ ఒకే లిస్టులో వేసి పై నుంచి తీసుకుంటూ రావాలి. సబ్జెక్ట్‌ల వాటా చివర్లో దానంతటదే తేలుతుంది.

ఈ లెక్క గుడ్డిగా వాడితే ఒకచోట దెబ్బతింటుంది, ఒక చాప్టర్ ఇంకో చాప్టర్‌కి పునాది అయినప్పుడు. ఇంటిగ్రేషన్ రాకుండా డెఫినిట్ ఇంటిగ్రల్స్ రావు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కూడా రావు. ఈ మూడింటినీ విడివిడిగా లెక్కేస్తే మూడూ లిస్టులో కిందే ఉంటాయి, కలిపి ఒకే మూటగా లెక్కేస్తే కొంచెం పైకొస్తాయి, ఎందుకంటే ఇంటిగ్రేషన్ మీద ఒకసారి పెట్టిన గంటలు మూడుచోట్లా పనికొస్తాయి. కెమిస్ట్రీలో ఫస్టియర్ ఆర్గానిక్ బేసిక్స్ కూడా అంతే, అవి గట్టిగా ఉంటే సెకండియర్ ఆర్గానిక్ సగం భారం తగ్గుతుంది. కాబట్టి లిస్టు వేసేటప్పుడు ఇలాంటి వాటిని జత కట్టి రాయండి.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కెమిస్ట్రీ ప్రశ్నల్లో చాలావరకు తెలిస్తే 30 సెకన్లలో అయిపోతాయి, తెలియకపోతే ఎంతసేపు చూసినా రావు. కెమిస్ట్రీ 40 ప్రశ్నలు 30 నిమిషాల్లో ముగించగలిగిన విద్యార్థికి మాథ్స్‌లో 80 ప్రశ్నలకి 100 నిమిషాలు మిగులుతాయి, ఇంకా ఫిజిక్స్‌కి 50 ఉంటాయి. అదే కెమిస్ట్రీ 50 నిమిషాలు మింగితే ఆ 20 నిమిషాల నష్టం మాథ్స్ మార్కుల్లో కనిపిస్తుంది. ర్యాంక్ వచ్చాక "మాథ్స్ పేపర్ లెంగ్తీ" అని బాధపడేవాళ్ళలో కొందరికి అసలు సమస్య కెమిస్ట్రీలో ఉంటుంది. నా వరకు, కెమిస్ట్రీ చాప్టర్లకి లిస్టులో వచ్చిన అంకె కంటే కొంచెం ఎక్కువ విలువే ఇస్తాను.

ఇప్పుడు రివిజన్. ప్లాన్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ఒక విషయాన్ని ఎన్ని రోజుల తర్వాత మళ్ళీ చూడాలి అనేదాని మీద 2008లో నికొలస్ సెపెడా, హెరాల్డ్ పాష్లర్, ఇంకొందరు కలిసి 1,350 మందికి పైగా మనుషులతో పెద్ద ప్రయోగం చేశారు. అందులో తేలింది ఏమిటంటే, అందరికీ పనికొచ్చే ఒకే గ్యాప్ అంటూ లేదు. పరీక్ష ఎంత దూరంలో ఉంటే గ్యాప్ అంత పెంచాలి. పరీక్ష వారంలో ఉంటే ఒకటి రెండు రోజుల గ్యాప్ చాలు, నెల పైన ఉంటే పది రోజులకి అటూ ఇటూగా ఉండాలి. గ్యాప్ కాస్త ఎక్కువైతే జరిగే నష్టం కంటే మరీ తక్కువైతే జరిగే నష్టం పెద్దది. ఈ రోజు చదివి, రాత్రే ఇంకోసారి, పొద్దున్నే ఇంకోసారి చూస్తే గుర్తున్నట్టే ఉంటుంది, కానీ 40వ రోజుకి అది నిలవదు. అయితే ఆ ప్రయోగం చిన్న చిన్న విషయాలు గుర్తుపెట్టుకోవడం మీద, ఒకే ఒక్క రివిజన్‌తో జరిగింది. లెక్కలు చేసే సబ్జెక్ట్‌లకి మొదటి రివిజన్ కొంచెం ముందే పెట్టుకోవడం మంచిది, ఎక్కడ అర్థం కాలేదో అప్పుడే బయటపడుతుంది కాబట్టి.

మన 40 రోజులకి పనికొచ్చే గ్యాప్‌లు ఇలా పెట్టుకోవచ్చు: చదివిన రెండో రోజు ఒక గంట, ఏడో రోజు 45 నిమిషాలు, ఇరవయ్యో రోజు అరగంట. నాలుగు గంటల చాప్టర్‌కి రివిజన్ కలిపి రెండుంబావు గంటలు, అంటే చదివిన టైమ్‌లో సగం పైనే. కొత్త చాప్టర్ మొదలుపెట్టిన ప్రతిసారీ ముందున్న రోజుల మీద రెండుంబావు గంటల అప్పు రాసినట్టే.

రోజుకి ఏడు గంటలు నిజంగా చదవగలరనుకుందాం. మొబైల్, భోజనం, కునుకు అన్నీ తీసేశాక మిగిలే ఏడు గంటలు. రోజుకో కొత్త చాప్టర్, నాలుగు గంటలు. మొదటి రెండు రోజులు ఇంకా మూడు గంటలు మిగులుతాయి, హాయిగా ఉంటుంది, అందుకే పిల్లలు "రోజుకి రెండు చాప్టర్లు చేసేద్దాం" అని ప్లాన్ మార్చేస్తారు. మూడో రోజు నుంచి రోజుకో గంట రివిజన్ వస్తుంది. ఎనిమిదో రోజు నుంచి గంటా ముప్పావు. ఇరవై ఒకటో రోజు నుంచి రెండుంబావు గంటలు. నాలుగు గంటల కొత్త చదువుతో కలిపితే ఆరుంబావు, ఇక మిగిలేది ముప్పావుగంట. రోజుకి రెండు చాప్టర్లు పెట్టుకున్నవాళ్ళకి కొత్త చదువే ఎనిమిది గంటలు, మూడో వారానికి రివిజన్ నాలుగున్నర గంటలు, ఏడు గంటల రోజులో పన్నెండున్నర గంటల పని. అప్పుడు ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కొత్త చాప్టర్ సాగుతుంది, రివిజన్ ఆగిపోతుంది, ఎందుకంటే రివిజన్ మానేస్తే ఆ రోజు ఏమీ పోయినట్టు కనిపించదు. పరీక్షకి పది రోజుల ముందు మాక్ టెస్ట్ రాస్తే మొదటి వారంలో చదివిన చాప్టర్ పూర్తిగా ఖాళీ.

కాబట్టి ప్లాన్ వెనక నుంచి వేయాలి. 40 రోజులకి ఏడేసి గంటలంటే 280. ముందు మాక్ టెస్టులు పక్కన పెట్టండి: ఒక్కోటి మూడు గంటలు రాయడం, ఇంకో మూడు గంటలు తప్పులు చూసుకోవడం, మొత్తం పది టెస్టులకి 60 గంటలు. కొత్త చదువు 28వ రోజు దగ్గర ఆపేయాలి, ఎందుకంటే 38వ రోజు చదివినదానికి రివిజన్ గ్యాప్ అనేదే ఉండదు. ఆ 28 రోజుల్లో వారానికొకటి మాక్ టెస్ట్ రోజు తీసేస్తే 24 రోజులు, 24 చాప్టర్లు, 96 గంటలు. వాటి రివిజన్ 54 గంటలు. చివరి చాప్టర్ల మూడో రివిజన్‌కి ఇరవయ్యో రోజు దొరకదు, దాన్ని పరీక్ష ముందు రోజుల్లోకి జరపాలి. ఇంకా 70 గంటలు మిగులుతాయి. అందులో 40 ఇప్పటికే బాగా వచ్చిన చాప్టర్ల మిక్స్‌డ్ ప్రాక్టీస్‌కి. మిగతా 30 జ్వరానికి, ఇంట్లో పెళ్ళికి, కరెంటు పోయిన మధ్యాహ్నానికి. ఈ 30 గంటలు ముందే వదలకపోతే ప్లాన్ రెండో వారానికే వెనకబడుతుంది, వెనకబడిన ప్లాన్ చూస్తే టెన్షన్, ఆ టెన్షన్‌తో అసలు పుస్తకమే తీయబుద్ధి కాదు.

24 చాప్టర్లేనా అని అనిపిస్తుంది. మూడు సబ్జెక్ట్‌లూ, రెండేళ్ళూ కలిపితే తొంభై దాకా ఉంటాయి మరి. కానీ మిగతావి వదిలేయడం లేదు. మీకు 75 శాతం దాటిన చాప్టర్లకి కొత్త చదువు అక్కర్లేదు, వారానికోసారి మిక్స్‌డ్ ప్రాక్టీస్‌లో ఒకటి రెండు ప్రశ్నలు తగిలితే చాలు. లిస్టులో బాగా కింద ఉన్నవి మాత్రం నిజంగానే వదిలేస్తున్నారు, అక్కడ ఊహ మీద వచ్చే 25 శాతం తీసుకుని ముందుకెళ్ళాలి. ఆ 24 ఏవి అనేది తేల్చడానికే ఇందాకటి లెక్క అంతా. చాప్టర్లన్నీ నాలుగు గంటలవే ఉండవు, పెద్దది రెండు రోజులు తింటే చిన్నవి రెండు ఒకే రోజు అవుతాయి, మొత్తం 96 దాటకుండా చూసుకోండి.

రివిజన్ గంటలో ఏం చేస్తారనేది గ్యాప్ ఎంత అనేదానికంటే తక్కువ ముఖ్యమేమీ కాదు. నోట్స్ తీసి హైలైటర్ గీతల మీద కళ్ళు పరిగెత్తించడం రివిజన్ కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగంలో, చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో ముందున్నారు, వారం తర్వాత పెట్టిన టెస్టులో మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్ళు 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళు 42 శాతం. కాబట్టి ముందు తెల్ల కాగితం తీసుకుని ఆ చాప్టర్ ఫార్ములాలన్నీ పుస్తకం చూడకుండా పది నిమిషాల్లో రాయండి, తర్వాత పుస్తకం తెరిచి మర్చిపోయినవి రెడ్ పెన్‌తో పూరించండి. ఆ ఎర్రగా ఉన్నవే తర్వాతి రివిజన్‌లో మొదట చూడాల్సినవి. మిగతా టైమ్ అంతా ప్రశ్నలే.

ఆ ప్రశ్నలు కూడా ఒకే చాప్టర్‌వి వరసగా చేయకండి. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో కాలేజీ విద్యార్థులతో మాథ్స్ లెక్కలు చేయించి ఇదే చూశారు. ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్ళు ప్రాక్టీస్‌లో 89 శాతం తెచ్చుకున్నారు, కలిపి చేసినవాళ్ళు 60 మాత్రమే. వారం తర్వాత టెస్టులో మొదటివాళ్ళకి 20, రెండోవాళ్ళకి 63. ఎందుకంటే ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ అని హెడ్డింగ్ ఉన్న పేజీలో లెక్క ఏ పద్ధతిలో చేయాలో ముందే తెలిసిపోతుంది. ఎప్‌సెట్ స్క్రీన్ మీద హెడ్డింగ్ ఉండదు. ఇది సబ్‌స్టిట్యూషనా, పార్ట్సా, పార్షియల్ ఫ్రాక్షన్సా అని పట్టుకోవడంలోనే సగం పని ఉంది. అందుకే ఆ రోజు రివిజన్‌కి వచ్చిన చాప్టర్లు ఎన్ని ఉంటే అన్నింటి ప్రశ్నలూ కలిపేసి చేయండి. మార్కులు తగ్గినట్టు కనిపిస్తాయి, దాన్ని చూసి వెనక్కి వెళ్ళొద్దు.

రెండు, ఏడు, ఇరవై అన్న గ్యాప్‌లు అందరికీ, అన్ని చాప్టర్లకీ ఒకేలా ఉండక్కర్లేదు. రివిజన్‌లో ఆ చాప్టర్ ప్రశ్నలు 12 చేస్తే, టైమ్‌లో 9 పైన వచ్చాయంటే తర్వాతి రివిజన్‌ని ఇంకా దూరం జరపండి. 6 నుంచి 8 వస్తే అనుకున్న రోజుకే. 5 లోపు వస్తే రెండు రోజుల్లో మళ్ళీ చూడాలి, కానీ దానికి ముందు తప్పులు ఎలాంటివో చూడండి. ఫార్ములా మర్చిపోయి తప్పైతే రివిజన్‌తో సరిపోతుంది. ఫార్ములా గుర్తుండి కూడా ఎక్కడ వాడాలో తెలియకపోతే అది రివిజన్ సమస్య కాదు, ఆ చాప్టర్ అర్థమే కాలేదు, సార్‌నో బాగా వచ్చిన ఫ్రెండ్‌నో అడిగి మళ్ళీ చదవాలి. అలా చదివాక కూడా రెండోసారి 5 దాటకపోతే లిస్టులోంచి తీసేయండి. పది గంటలు పెట్టాం కదా అని ఇంకో పది పెట్టాలనిపిస్తుంది. పోయిన పది గంటలు లెక్కలోకి రావు, రాబోయే పది గంటలు ఇంకో చాప్టర్‌లో ఎన్ని మార్కులు తెస్తాయన్నదే చూడాలి.

వారానికోసారి, మాక్ టెస్ట్ అయిన సాయంత్రం, లిస్టు తిరగరాయండి. శాతాలు మారతాయి కాబట్టి వరస కూడా మారుతుంది, మొదటి వారంలో పైనున్న మాట్రిసెస్ రెండో వారానికి 90 దగ్గరికి వచ్చి కిందికి దిగిపోతుంది. మాక్ టెస్టులు మీ హాల్‌టికెట్‌లో ఉన్న సెషన్ టైమ్‌కే రాయండి, పొద్దున తొమ్మిదింటికో మధ్యాహ్నం మూడింటికో. మధ్యాహ్నం సెషన్ పడినవాళ్ళకి భోజనం తర్వాత మూడు గంటలు స్క్రీన్ ముందు కూర్చోవడం అలవాటు కావాలి.

ఇదంతా చదివేసరికి మీకు 40 రోజులు లేకపోవచ్చు. 20 రోజులే ఉంటే గ్యాప్‌లు రెండు, ఆరు రోజులకి కుదించండి, మూడో రివిజన్ తీసేయండి, కొత్త చదువు 13వ రోజుకి ఆపండి, చాప్టర్లు పదికి మించొద్దు. వారమే ఉంటే 50 నుంచి 75 శాతం మధ్యలో ఉన్న చాప్టర్లు మాత్రమే తీసుకోండి, అవి తక్కువ గంటల్లో కదులుతాయి. ఆ వారంలో రొటేషనల్ మోషన్ పుస్తకం తెరవకండి.